బట్టీ పట్టిన పాఠానికి ఏఐ ముద్ర ఎందుకు పడుతుంది?

ప్రశ్న: అమెరికా రాజ్యాంగ పీఠికని సరదాకి ఒక ఏఐ డిటెక్టర్‌లో పెడితే, చాలా వరకు మెషీన్ రాసిందే అని చూపించింది. నవ్వుకుని వదిలేద్దామంటే, నేను సొంతంగా రాసిన ప్రాజెక్ట్ రిపోర్ట్‌కి కూడా అదే వచ్చింది. అది ఇంగ్లిష్ రిపోర్ట్. మొదట్లో ఒక గోప్యత పేరా, చివర్లో సాఫ్ట్‌వేర్ కోడ్‌కి పెట్టే ఎంఐటీ లైసెన్స్ ఉన్నాయి, మిగతాదంతా నా రాతే. 1787లో ఏఐ ఎక్కడిది? నా రిపోర్ట్‌ని ఏం చేయాలి? టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

మీకు ఎదురైన రెండింటికీ మూలం ఒకటే. రాజ్యాంగం సంగతి తేలిక కాబట్టి ముందు అది చూసి, తర్వాత మీ రిపోర్ట్‌కి వస్తాను.

ఇలాంటి డిటెక్టర్లలో చాలా వాటి లోపల ఒక లాంగ్వేజ్ మోడల్ ఉంటుంది. అది మీ పాఠాన్ని మొదటి నుంచి ఒక్కో టోకెన్ చొప్పున చదువుతుంది. టోకెన్ అంటే ఒక మాట, లేదా మాటలో ఒక ముక్క. ప్రతి టోకెన్ దగ్గరా అది ఒకటే లెక్క వేస్తుంది: ఇంతవరకూ చదివినదాన్ని బట్టి, ఇక్కడ ఈ మాట వస్తుందని నేను ఎంతవరకు ఊహించగలిగాను? బాగా ఊహించగలిగితే ఆశ్చర్యం తక్కువ, లేకపోతే ఎక్కువ. పాఠమంతటికీ ఆ ఆశ్చర్యం సగటు తీసి చెప్పే అంకెనే పర్‌ప్లెక్సిటీ అంటారు. పర్‌ప్లెక్సిటీ 20 వచ్చిందంటే, సగటున ప్రతి అడుగులోనూ మోడల్ సమానంగా కుదిరే ఇరవై మాటల మధ్య తికమక పడినంత పని అయిందని. 1 వచ్చిందంటే తికమకే లేదు, వచ్చే మాట ముందే తెలుసు.

ఏఐ రాసేటప్పుడు తనకు ఎక్కువ సంభావ్యంగా కనిపించే మాటలనే ఎక్కువగా ఎంచుకుంటుంది. కాబట్టి దాని రాత మరో మోడల్‌కి కూడా పెద్దగా ఆశ్చర్యం కలిగించదు. మనుషులు మధ్యలో ఎక్కడో ఒక చోట ఊహించని మాట వేస్తారు, వాక్యాన్ని వంకర తిప్పుతారు. అందుకని ఆశ్చర్యం తక్కువైతే మెషీన్, ఎక్కువైతే మనిషి అని ఒక గీత గీశారు. 2023 జనవరిలో వచ్చిన జీపీటీజీరో అనే డిటెక్టర్ కూడా మొదట్లో ఈ కొలతనే పట్టుకుంది. దానికి తోడు వాక్యం నుంచి వాక్యానికి ఈ అంకె ఎంత ఎగుడుదిగుడుగా ఉందో కూడా చూసేది.

చిక్కు ఎక్కడంటే, ఆశ్చర్యం తగ్గడానికి రెండు దారులున్నాయి. పాఠం నిజంగానే నున్నగా, అందరూ ఊహించే మాటలతో ఉండొచ్చు. లేదా మోడల్ ఆ పాఠాన్ని శిక్షణలో ఇప్పటికే చాలాసార్లు చూసి ఉండొచ్చు. కొలతకి ఈ రెండింటి మధ్య తేడా తెలియదు, దానికి కనిపించేది అంకె ఒక్కటే. ఎక్కాలు గడగడా అప్పజెప్పే పిల్లవాడికి గుణకారం తెలుసో లేదో ఆ అప్పజెప్పడం చూసి చెప్పలేం కదా, ఇదీ అంతే.

రాజ్యాంగ పీఠిక ఇంటర్నెట్‌లో లెక్కలేనన్ని చోట్ల ఉంది: పాఠ్యపుస్తకాల్లో, వ్యాసాల్లో, ప్రభుత్వ పేజీల్లో, క్విజ్‌ల్లో. అందువల్ల ‘వి ద పీపుల్ ఆఫ్ ద యునైటెడ్ స్టేట్స్’ అనే మొదటి మాటలు వినగానే మోడల్ మిగతాది అప్పజెప్పేయగలదు. అది కంఠస్థమే అనడానికి ఒక చక్కని ఆనవాలు పీఠికలోనే ఉంది. ఇవాళ్టి రాతలో ‘ఎన్ష్యూర్’ అని రాసే చోట అక్కడ ‘ఇన్ష్యూర్’ అని ఉంటుంది. వాక్యం మధ్యలో నామవాచకాలకి పెద్ద అక్షరాలుంటాయి. ఈనాటి ఇంగ్లిష్ మాత్రమే తెలిసిన పాఠకుడు వీటి దగ్గర కచ్చితంగా ఒక క్షణం ఆగుతాడు, మోడల్ మాత్రం ఆగదు. భాష తెలిసినంత మాత్రాన 18వ శతాబ్దపు స్పెల్లింగ్‌ని ఊహించడం కుదరదు, ఆ పేజీనే గుర్తుండాలి. 2023లో రాజ్యాంగం మీద ఇదే గొడవ నడిచినప్పుడు జీపీటీజీరో తయారుచేసిన ఎడ్వర్డ్ టియాన్ కూడా ఇంచుమించు ఇదే వివరణ ఇచ్చాడు: ఆ పాఠం మోడళ్ల శిక్షణలోకి పదేపదే వెళ్లింది, మా సాధనం మోడల్ పుట్టించగల పాఠాన్ని పట్టుకుంటుంది, అందుకే ఇలా జరుగుతోంది అని.

దీన్ని ‘పాత రాత కాబట్టి’ అని చాలామంది పొరపాటు పడతారు. అదే కాలంలో ఎవరో ఎవరికో రాసుకున్న, ఎక్కడా అచ్చు కాని ఉత్తరం ఒకటి టైపు చేసి పెట్టి చూడండి. భాష అంతే పాతది, అయినా పర్‌ప్లెక్సిటీ బాగా ఎక్కువ వస్తుంది, డిటెక్టర్ మనిషి అనే అంటుంది. ముద్ర పడేది ప్రసిద్ధి వల్ల. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ఎన్నిసార్లు కాపీ అయిందన్నదాని వల్ల.

ఆ మాటకొస్తే ప్రసిద్ధి కూడా అక్కర్లేదు, కాపీలు చాలు. మీ లైసెన్స్ విషయం ఇక్కడే మొదలవుతుంది. ఎంఐటీ లైసెన్స్‌ని ఎవరూ ఇష్టపడి చదవరు, కానీ అది లక్షల ప్రాజెక్టుల్లో అక్షరం పొల్లుపోకుండా కూర్చుని ఉంది. శిక్షణకి వాడే సీ4 అనే పెద్ద డేటాసెట్‌లో 61 మాటల ఒకే ఒక్క ఇంగ్లిష్ వాక్యం 60,000 సార్లకు పైగా కనిపించిందని 2021లో డూప్లికేట్లు వెతికిన పరిశోధకులు చూపించారు. జీపీటీ-2 అనే లాంగ్వేజ్ మోడల్ నుంచి దాని శిక్షణ డేటాని తవ్వి తీసిన మరో పరిశోధనలో, అక్షరాలా బట్టీ పట్టినట్టు తేలిన 604 ముక్కల్లో 54 లైసెన్సులు, వాడుక నిబంధనలు, కాపీరైట్ నోటీసుల కోవలోవే. తర్వాతి పరిశోధనల్లో కంఠస్థం పెరగడానికి మూడు కారణాలు స్పష్టంగా కనిపించాయి: మోడల్ పెద్దదవడం, పాఠం ఎక్కువసార్లు పునరావృతం కావడం, ముందు ఇచ్చిన సందర్భం పొడవుగా ఉండడం. మూడోది మీకు నేరుగా పనికొస్తుంది. లైసెన్స్ మొదటి లైను దగ్గర మోడల్ ఇంకా కొంచెం తడబడుతుంది, రెండో వాక్యానికి వచ్చేసరికి దారిలో పడిపోతుంది.

ఇక మీ రిపోర్ట్ లెక్క. మీ ఫైలు నా దగ్గర లేదు కాబట్టి కింది అంకెలు లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవి. రిపోర్ట్ మొత్తం 800 టోకెన్లు అనుకుందాం. అందులో గోప్యత పేరా, లైసెన్స్ కలిపి 300, మీ సొంత రాత 500. మీ రాతకి విడిగా పర్‌ప్లెక్సిటీ 20, మూస భాగానికి 1.1. డిటెక్టర్ గీత 8 దగ్గర ఉంది, అంతకన్నా కిందకి వస్తే ఏఐ అంటుంది. మీ రాత ఒక్కటే పెడితే గీతకి చాలా పైన ఉంటుంది, సమస్యే లేదు. మొత్తం కలిపి పెడితే ఏమవుతుందంటే:

```
(300 × ln 1.1 + 500 × ln 20) / 800 ≈ 1.908
exp(1.908) ≈ 6.7
```

గీత కిందకి జారిపోయింది. మీరు రాసిన 500 టోకెన్లలో ఒక్క అక్షరం మారలేదు, అయినా పత్రం మొత్తం ఏఐ ఖాతాలోకి వెళ్లింది. మామూలు సగటు తీసి ఉంటే దాదాపు 13 వచ్చేది, గీత దాటేసేవారు. కానీ పర్‌ప్లెక్సిటీలో సగటు తీసేది లాగరిథమ్‌లకి. అందులో 1కి దగ్గరగా ఉన్న విలువలు దాదాపు సున్నాలుగా చేరి మొత్తాన్ని గట్టిగా కిందకి లాగుతాయి. అదే మూస భాగం 100 టోకెన్లే ఉంటే జవాబు సుమారు 12 వస్తుంది, ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు. అంటే చిన్న పత్రానికి పెద్ద లైసెన్స్ తగిలించినవాళ్లే ఎక్కువగా దొరికిపోతారు. ఒకటీ రెండు పేజీల రిపోర్టులు, ఫారాలు, ఒప్పందాలు ఇందులోకి వస్తాయి.

అసలు కారణం ఇదేనా, లేక మీ రాతే నిజంగా నున్నగా ఉందా అన్నది ఊహించుకుంటూ కూర్చోనక్కర్లేదు, చూడొచ్చు. పైథాన్ వచ్చినవాళ్లకి ఈ చిన్న ముక్క చాలు. ఇది ప్రతి టోకెన్ పక్కన దాని ఆశ్చర్యాన్ని లాగరిథమ్‌గా చూపిస్తుంది, అంటే ఇక్కడ తికమకే లేకపోతే 1 కాదు, 0 వస్తుంది.

```python
import torch
from transformers import AutoTokenizer, AutoModelForCausalLM

tok = AutoTokenizer.from_pretrained("gpt2")
model = AutoModelForCausalLM.from_pretrained("gpt2").eval()

ids = tok(open("text.txt").read(), return_tensors="pt",
          truncation=True, max_length=1024).input_ids
with torch.no_grad():
    logp = model(ids).logits[0, :-1].log_softmax(-1)
loss = -logp.gather(1, ids[0, 1:, None]).squeeze(1)
for t, l in zip(ids[0, 1:], loss):
    print(round(l.item(), 2), repr(tok.decode([int(t)])))
print("perplexity", loss.mean().exp().item())
```

చివరి అంకెని కాసేపు మర్చిపోండి, పైనున్న జాబితా చదవండి. బట్టీ పట్టిన పాఠానికీ ఏఐ అప్పటికప్పుడు రాసిన పాఠానికీ తేడా అక్కడే తెలుస్తుంది. ఏఐ రాతలో విలువలు తక్కువే గానీ కదులుతూ ఉంటాయి: 0.4, 1.8, 0.1, 2.6, ఇలా. ఎందుకంటే అది రాసేటప్పుడు ప్రతి చోటా నాలుగైదు మంచి మాటల్లోంచి ఒకటి తీసుకుంటుంది, ఎప్పుడూ మొదటిదే తీసుకోదు. కంఠస్థ పాఠంలో మొదటి కొన్ని టోకెన్లు దాటాక వరుసగా 0.01, 0.00, 0.02 అంటూ పొడవైన చదును వస్తుంది. ఏఐ సొంత రాత కూడా మామూలుగా అంత చదునుగా ఉండదు. నా దృష్టిలో ఈ కథలో చాలామంది గమనించని విషయం ఇదే. రాజ్యాంగానికి డిటెక్టర్ ఇచ్చే మార్కులు ‘ఏఐలా ఉంది’ అనే స్థాయిని కూడా దాటి కిందకి పోతాయి. అంత తక్కువ కనిపించినప్పుడు అది ఏఐ రాత అనడం కన్నా ఎక్కడి నుంచో తెచ్చి అతికించిన పాఠం అని అనుమానించడమే సరైనది.

లైసెన్స్‌లో ఇంకో ముచ్చట కనిపిస్తుంది. చదునైన వరుసకి ముందు, కాపీరైట్ లైనులో సంవత్సరం, యజమాని పేరు ఉన్న చోట ఒక్కసారిగా విలువ ఎగిరి పడుతుంది. ఎందుకంటే ఆ రెండు మాత్రమే ప్రతి ప్రాజెక్టుకీ మారేవి. మైదానం అంచున నాలుగు కొండల్లా కనిపిస్తాయి. మూస పాఠం అని చెప్పడానికి నాకు ఇంతకన్నా నమ్మకమైన గుర్తు తెలియదు.

ఇంకా రూఢి చేసుకోవాలంటే ఒక మాట మార్చి చూడండి. చదునుగా ఉన్న వరుసలో ఒక మాట తీసి అదే అర్థం వచ్చే ఇంకో మాట పెట్టండి. బట్టీ పట్టిన పాఠమైతే ఆ మాట దగ్గర విలువ ఏ 8కో 10కో ఎగిరి, మోడల్ ఒకటి రెండు మాటలు తడబడి, మళ్లీ పాత చదునుకి వచ్చేస్తుంది. అప్పజెబుతున్న పిల్లవాడిని మధ్యలో ఆపితే ఆగి, ఆ వాక్యం మళ్లీ అందుకుని సాగిపోయినట్టే. ఊరికే నున్నగా రాసిన పాఠంలో మాట మారిస్తే విలువ కొంచెం పెరుగుతుందంతే, ఎందుకంటే అక్కడ ఆ రెండో మాట కూడా మోడల్‌కి నచ్చే మాటే. వీలైతే అదే పాఠాన్ని `gpt2` బదులు `gpt2-xl` మీద కూడా నడపండి. పెద్ద మోడల్‌కి మారినప్పుడు మామూలు పాఠం విలువలు కొంచెమే తగ్గుతాయి, కంఠస్థ పాఠం విలువలు మాత్రం చాలా ఎక్కువగా పడిపోతాయి. మీ చేతిలోని చిన్న మోడల్‌లో చదును కనపడకపోయినా, డిటెక్టర్ లోపలున్న పెద్ద మోడల్‌కి ఆ పాఠం కంఠస్థమై ఉండొచ్చని ఇందువల్లే గుర్తుపెట్టుకోవాలి.

ఒక హెచ్చరిక. ఈ కోడ్‌లో తెలుగు పాఠం పెట్టి వచ్చిన అంకెని నమ్మకండి. జీపీటీ-2 తెలుగు అక్షరాలని బైట్ల ముక్కలుగా చదువుతుంది. తెలుగు అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు ప్రతిదీ మూడు బైట్లు, మొదటిది ఎప్పుడూ `E0`, రెండోది `B0` గానీ `B1` గానీ. అవి ఊహించడానికి ఏ తెలివీ అక్కర్లేదు కాబట్టి, ఎంత కొత్త రాతకైనా అంకె తప్పుగా తక్కువ వస్తుంది. అది బట్టీ కాదు, కొలతబద్దలోనే లోపం.

కొత్త పద్ధతుల్లో ఇది తీరిపోయిందా అంటే, పూర్తిగా తీరలేదు. 2023లో స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చిన డిటెక్ట్‌జీపీటీ అనే పద్ధతి, పాఠంలో అక్కడక్కడా మాటలు మార్చి, మార్చినవాటి కన్నా అసలు పాఠమే మోడల్‌కి ఎంత ఎక్కువ నచ్చిందో చూస్తుంది. ఇప్పుడే చెప్పిన మాట మార్పు పరీక్ష గుర్తు తెచ్చుకోండి. బట్టీ పాఠంలో ఏం మార్చినా విలువ నిట్టనిలువుగా ఎగురుతుంది కాబట్టి, ఆ పద్ధతి ముందు అది మరింత గట్టిగా ఏఐలా కనిపించే ప్రమాదం ఉంది. 2024లో వచ్చిన బైనాక్యులర్స్ అనే పద్ధతి రెండు మోడళ్లని పక్కపక్కన పెట్టి పోలుస్తుంది, మామూలు పత్రాల్లో బాగానే పనిచేస్తుంది. కానీ బాగా కంఠస్థమైన పాఠాలు మెషీన్ వైపు పడతాయని, రాజ్యాంగాన్నే ఉదాహరణగా చూపి, దాన్ని తయారుచేసినవాళ్లే తమ పేపర్‌లో రాశారు. ఆ నిజాయతీ నాకు నచ్చింది. మనిషి రాతలు, ఏఐ రాతలు చూపించి విడిగా శిక్షణ ఇచ్చిన వర్గీకరణ మోడళ్లు పర్‌ప్లెక్సిటీ మీద ఇంతగా ఆధారపడవు, కాబట్టి వాటిలో ఈ జబ్బు తక్కువ, వాటి జబ్బులు వేరే. ప్రసిద్ధ పాఠాల జాబితా ఒకటి పెట్టుకుని వాటిని వదిలేయడం కూడా కుదురుతుంది. అలా చేస్తే రాజ్యాంగం బయటపడుతుంది గానీ, వేల రకాల ఒప్పందాల్లో ఉండే మీ గోప్యత పేరా బయటపడదు.

ఒకసారి ఒక సంస్థ వాళ్లు తమ దగ్గరికొచ్చిన పత్రాల కట్ట నాకు పంపి, రాసినవాళ్లు ఏఐ వాడారో లేదో తేల్చమన్నారు. డిటెక్టర్ ఎర్ర రంగు వేసిన వాక్యాలు చూస్తే సగానికి పైగా ఆ సంస్థ స్వయంగా ఇచ్చిన నమూనా ఫారంలోవే! మూస భాగాలు తీసేసి మళ్లీ నడిపితే చాలా పత్రాలు గీత పైకి వచ్చాయి. రెండు మాత్రం రాలేదు. అవి ఏఐ రాసినవా, లేక ఆ మనుషుల రాతే అంత నున్నగా ఉంటుందా అన్నది నేను చెప్పలేకపోయాను, అదే రాసిచ్చాను. మూస తీసేయడం వల్ల ఒక రకం పొరపాటు మాత్రమే పోతుంది.

మీ రిపోర్ట్‌కి వస్తే, ముందు దాన్ని మూడు ఫైళ్లు చేయండి: గోప్యత పేరా, మీ రాత, లైసెన్స్. మూడూ విడివిడిగా అదే డిటెక్టర్‌లో పెట్టి ఫలితాలు దాచుకోండి. మీ రాత విడిగా శుభ్రంగా వచ్చి, మిగతా రెండూ ఏఐ అని వస్తే, మీ వాదన మొత్తం ఆ మూడు ఫలితాల్లోనే ఉంది. ఎంఐటీ లైసెన్స్‌ని మీరు గానీ ఏఐ గానీ రాయలేదన్నది ఎవరైనా ఒక వాక్యం కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి సెర్చ్ చేస్తే నిమిషంలో తెలుస్తుంది. విడగొట్టినప్పుడు ఒక్కో ముక్కా మరీ చిన్నదైపోకుండా చూసుకోండి. వంద మాటల లోపు పాఠం మీద ఏ డిటెక్టర్ తీర్పునీ నేను పట్టించుకోను, అది మీకు అనుకూలంగా వచ్చినా సరే. ఒకవేళ మీ రాత విడిగా పెట్టినా ఏఐ అనే వస్తే, ఈ సమాధానంలోని కారణం మీకు వర్తించదు. అప్పుడు మీ డ్రాఫ్టులు, ఫైలు మార్పుల చరిత్ర చూపించడం మీదే ఆధారపడాలి.

ఒకటి మాత్రం చేయకండి. డిటెక్టర్‌ని తప్పించుకోవడానికి లైసెన్స్‌లో మాటలు మార్చి తిరగరాయొద్దు. మార్కులు మెరుగుపడతాయి, నిజమే, కానీ అప్పుడది ఎంఐటీ లైసెన్స్ కాకుండా పోతుంది. ఆ నోటీసుని ప్రతి కాపీలోనూ చేర్చాలన్నది ఆ లైసెన్స్ పెట్టే ఒకే ఒక్క షరతు. దాన్ని ఉన్నదున్నట్టుగా `LICENSE` అనే విడి ఫైలులో పెట్టి, రిపోర్ట్‌లో ఆ ఫైలు పేరు ఒక్క లైనులో చెప్పండి. గోప్యత పేరాని కవర్ పేజీలోకి మార్చండి.